36 మైన్లు, 300 రోజులు: హైఫాంగ్ రేవును మూసిన కథ, సముద్ర మైన్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రంలో మైన్లు, అంటే ఓడలను పేల్చడానికి నీళ్ళలో పెట్టే మందుపాతరలు, వేశారని, ఫలానా జలసంధి మూతపడొచ్చని వార్త వచ్చినప్పుడల్లా జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కటే. ఇంత పెద్ద నౌకాదళాలు ఉండగా కాసిని మైన్లను తీసిపారేయడానికి నెలలెందుకు? దీనికి జవాబు దొరకాలంటే ఒక్క రేవు కథ వివరంగా చూస్తే చాలని నా అభిప్రాయం. అందుకే ఈ పేజీలో ఎక్కువ భాగం ఉత్తర వియత్నాంలోని హైఫాంగ్ గురించే ఉంటుంది.

1972 మేలో హైఫాంగ్‌లో అసలేం జరిగింది?

అప్పట్లో అమెరికాతో యుద్ధంలో ఉన్న ఉత్తర వియత్నాంకు హైఫాంగ్ ప్రధాన రేవు. సోవియట్ యూనియన్ నుంచీ ఇతర దేశాల నుంచీ సముద్రం మీద వచ్చే సరుకులో అత్యధిక భాగం అక్కడే దిగేది. రేవు తీరాన్ని ఆనుకుని ఉండదు. నదీముఖంలో కొంత లోపలికి ఉంటుంది. పెద్ద ఓడలు అక్కడికి చేరాలంటే తవ్వి లోతు చేసిన సన్నని కాలువ ఒక్కటే దారి.

1972 మే 9 ఉదయం అమెరికా విమానవాహక నౌక కోరల్ సీ నుంచి తొమ్మిది విమానాలు లేచాయి. మూడు ఏ-6లు, ఆరు ఏ-7లు. ఒక్కొక్కటి నాలుగేసి మైన్లు మోసుకెళ్ళింది. ఏ-6లు కాలువ లోపలి భాగంలో, ఏ-7లు బయటి భాగంలో వాటిని వదిలాయి. మొత్తం 36 మైన్లు. మొదటిది నీళ్ళలో పడ్డప్పటి నుంచి చివరిది పడేదాకా పట్టిన సమయం రెండు నిమిషాలు. సరిగ్గా అదే వేళకు వాషింగ్టన్‌లో, అక్కడ ముందు రోజు రాత్రి తొమ్మిది గంటలకు, అధ్యక్షుడు నిక్సన్ టీవీలో ఈ సంగతి ప్రకటిస్తున్నాడు.

ఆ మైన్లు పడగానే పేలే స్థితిలో లేవు. 72 గంటల తర్వాతే మేల్కొనేలా లోపల గడియారం పెట్టారు. రేవులో ఉన్న విదేశీ ఓడలకు ఆ మూడు రోజులూ గడువు. అప్పటికి అక్కడ ముప్పైకి పైగా ఓడలున్నాయి. కొన్ని బయటపడ్డాయి, రెండు డజన్లకు పైగా లోపలే చిక్కుకున్నాయి. ఆ తర్వాత 300 రోజులకు పైగా ఏ పెద్ద ఓడా ఆ రేవులోకి రాలేదు, అందులోంచి పోలేదు.

కాలువలో ఉన్నవి 36 మైన్లే కదా, ధైర్యం చేసి వెళ్ళిన కెప్టెన్ ఒక్కడూ లేడా?

వెళ్ళడం కెప్టెన్ ఒక్కడి చేతిలో ఉండదు. ఓడ యజమాని ఒప్పుకోవాలి, బీమా కంపెనీ ఒప్పుకోవాలి, సిబ్బంది ఒప్పుకోవాలి. యుద్ధ ప్రమాదం ఉన్న నీళ్ళలోకి ఓడ వెళ్తే మామూలు బీమా చాలదు, విడిగా ప్రీమియం కట్టాలి. మైన్లు ఉన్నాయని అమెరికా ప్రభుత్వమే బాహాటంగా ప్రకటించిన కాలువకు బీమా చేసేవాడు ఎవడుంటాడు?

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇరుకు కాలువలో ఒక్క ఓడ మునిగినా, మైన్ల సంగతి అటుంచి, ఆ ఓడే అడ్డం పడి రేవును మూసేస్తుంది. కాబట్టి మునిగే అవకాశం తక్కువే అయినా, మునిగితే కలిగే నష్టం ఓడ ఖరీదుతో ఆగదు. లోపల చిక్కుకున్న ఓడల కెప్టెన్లు నెలల తరబడి లంగరు వేసుకుని కూర్చున్నారంటే అది పిరికితనం కాదు, సరైన లెక్కే.

అమెరికా అక్కడితో ఆగలేదు. మిగతా రేవుల్లోనూ నదుల్లోనూ తీరం పొడుగునా మొత్తం పదకొండు వేలకు పైగా మైన్లు వేసింది. వాటిలో చాలావరకు మామూలు 500 పౌండ్ల విమాన బాంబులకు పేలుడు యంత్రాంగం మార్చి మైన్లుగా చేసినవే. అయినా హైఫాంగ్‌ను మూసింది మాత్రం ఆ మొదటి రెండు నిమిషాలే. తర్వాత వేసినవి, పాతవాటికి కాలం చెల్లినా మూత సడలకుండా చూసుకోవడానికి, చిన్న పడవల దారులు కూడా కట్టేయడానికి.

ఒక మాట చెప్పాలి. రేవు మూతపడ్డంత మాత్రాన దేశానికి సరుకు ఆగిపోలేదు. చైనా నుంచి రైళ్ళలో, లారీల్లో వస్తూనే ఉంది. మైన్ ఓడల దారిని మూస్తుంది, యుద్ధాన్ని ముగిస్తుందన్న హామీ ఏమీ లేదు.

నీటి అడుగున పడి ఉన్న మైన్‌కు పైన ఓడ పోతోందని ఎలా తెలుస్తుంది?

బొమ్మల్లో కనిపించే కొమ్ముల గుండు పాత రకం. అది అడుగున ఉన్న బరువుకు ఇనుప తాడుతో కట్టి ఉంటుంది, నీటి పైభాగానికి కాస్త కింద తేలుతుంటుంది, ఓడ తగిలితే పేలుతుంది. హైఫాంగ్‌లో వేసినవి మార్క్ 52 రకం. ఇవి దేనికీ కట్టి ఉండవు. పారాచూట్‌తో దిగి, నేరుగా అడుగున బురదలో పడుకుంటాయి. ఒక్కొక్కటీ అర టన్ను బరువు తరగతికి చెందినది.

ఓడ అంటే వేల టన్నుల ఉక్కు. అది కదిలిన చోటల్లా భూమి అయస్కాంత క్షేత్రం కొద్దిగా మారుతుంది. మైన్ లోపలి తీగచుట్ట ఆ మార్పును పసిగడుతుంది. మార్పు ఎంత వేగంగా, ఎంతసేపు ఉండాలో ముందే సెట్ చేస్తారు, అలల కదలికకో చిన్న పడవకో పేలకుండా. కొన్ని రకాలు ఇంజన్ చప్పుడును వింటాయి, కొన్ని ఓడ కింద నీటి ఒత్తిడి తగ్గడాన్ని గమనిస్తాయి. రెండు మూడు గుర్తులు ఒకేసారి కలిస్తేనే పేలేవీ ఉన్నాయి.

అన్నిటికన్నా కిరాతకమైన ఏర్పాటు లెక్కపెట్టే యంత్రం. మొదటి తొమ్మిది ఓడలను పోనిచ్చి పదోదానికి పేలమని చెప్పొచ్చు. అంటే ముందు వెళ్ళిన ఓడ క్షేమంగా దాటిందన్న ధైర్యంతో వెనకాల వెళ్ళడానికి లేదు.

ఓడకు తగలకుండా, అడుగు నుంచే పేలితే అంత పెద్ద ఓడ ఎలా మునుగుతుంది?

పేలుడు నీటి అడుగున పెద్ద వాయు బుడగను పుట్టిస్తుంది. అది ఓడ నడుమును పైకి నెడుతుంది. మరుక్షణం బుడగ కుంచించుకుపోయి కింద ఖాళీ ఏర్పడుతుంది, ఓడ నడుము తన బరువుకే కిందికి వంగుతుంది. ఇలా పైకీ కిందికీ విరిచినట్టు అయ్యేసరికి ఓడ వెన్నుదూలం తెగుతుంది. పక్కన చిల్లు పడితే నీళ్ళు తోడొచ్చు, వెన్ను విరిగితే చేసేదేమీ లేదు. నీరు మరీ లోతైతే అడుగున పడుకున్న మైన్ దెబ్బ పైదాకా అందదు. అందుకే ఈ రకం మైన్లకు రేవుల కాలువలు, లోతు తక్కువ ఉన్న జలసంధులే అనువైన చోట్లు.

మైన్లను "ఊడ్చడం" అంటే ఏం చేస్తారు?

తాడుకు కట్టిన మైన్లయితే పని కంటికి కనిపించేది. మైన్‌స్వీపర్ ఓడ వెనక పొడుగాటి ఇనుప తాళ్ళను పక్కలకు విచ్చుకునేలా లాక్కెళ్తుంది, వాటికి కోసే కత్తెరలు ఉంటాయి. మైన్ తాడు తెగితే గుండు పైకి తేలుతుంది, దాన్ని తుపాకీతో కాల్చి ముంచడమో పేల్చడమో చేస్తారు.

అడుగున పడుకున్న మైన్‌ను అలా కోయడానికి తాడే లేదు. దాన్ని మోసం చేయాలి. ఓడ రాకుండానే ఓడ వచ్చినట్టు నమ్మించాలి. నీళ్ళలో విద్యుత్ తీగలు లాగుతూ కరెంటు పంపి అయస్కాంత క్షేత్రం పుట్టిస్తారు, చప్పుడు చేసే యంత్రాలు కూడా లాగుతారు. ఈ పని చేసే ఓడ తానే మైన్‌ను మేల్కొల్పకూడదు కదా, అందుకే వాటిని చెక్కతోనో ఫైబర్‌గ్లాస్‌తోనో కడతారు.

నీటి ఒత్తిడిని గమనించే మైన్‌ను మోసం చేయడం మాత్రం ఇప్పటికీ చాలా కష్టం. ఓడంత ఒత్తిడి మార్పు రావాలంటే ఓడంత వస్తువే ఆ నీటి మీద నడవాలి.

నెలలెందుకు పడుతుంది? లెక్క వేసి చూపించగలరా?

ఒక ఊహా కాలువతో లెక్క వేద్దాం. పొడవు 10 కిలోమీటర్లు, వెడల్పు 200 మీటర్లు. మన మైన్‌స్వీపర్ ఒకసారి వెళ్తే 100 మీటర్ల వెడల్పు ఊడుస్తుంది. అంటే రెండు వరసలు. వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లు అనుకుందాం, ఎందుకంటే అంత సామాను లాగుతూ ఎక్కువ వేగం పోలేదు. ఒక వరసకు గంటా ఇరవై నిమిషాలు.

రెండు వరసలే కాబట్టి మూడు గంటల్లో అయిపోతుందా? కాదు. మైన్ పదో ఓడకు పేలేలా సెట్ చేసి ఉండొచ్చు. కాబట్టి ఒక్కో వరస కనీసం పదిసార్లు నడవాలి. మొత్తం 20 ప్రయాణాలు, సుమారు 27 గంటలు. అదీ ఒక్క రకం సెట్టింగుకే. అయస్కాంత దిశ మార్చి మళ్ళీ, చప్పుడు కలిపి మళ్ళీ, బలం తగ్గించి మళ్ళీ. మలుపులు తిరగడం, తీగలు తెగితే బాగుచేయడం, చీకట్లో ఆగిపోవడం కలిపితే ఈ చిన్న కాలువే కొన్ని వారాలు తింటుంది.

ఇప్పుడు వెడల్పు 200 మీటర్లు కాక 5 కిలోమీటర్లు అనుకోండి. 50 వరసలు, పదేసి సార్లు, అంటే 500 ప్రయాణాలు. రాత్రీ పగలూ ఆగకుండా నడిచినా 28 రోజులు, ఒక్క సెట్టింగుకు. వేసినవాడికి రెండు నిమిషాల పని. ఈ తేడాయే మైన్ అసలు బలం. పేలుడు పదార్థం దాని తర్వాతే.

మరి హైఫాంగ్‌ను తిరిగి తెరిచింది ఎవరు?

వేసినవాళ్ళే. 1973 జనవరి 27న యుద్ధం ఆపడానికి పారిస్ ఒప్పందం కుదిరింది. మైన్లను తొలగించే బాధ్యత అమెరికాదేనని అందులో రాసుకున్నారు. ఖైదీల విడుదలతో పాటు ఇదీ బేరంలో భాగమైంది. ఆ ఆపరేషన్ పేరు ఎండ్ స్వీప్, దాన్ని నడిపినవాడు రియర్ అడ్మిరల్ బ్రయన్ మెకాలీ. ఫిబ్రవరి 6న మొదలై జులైలో ముగిసింది. మధ్యలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాజకీయ తగాదాలతో ఆగిపోయింది కూడా.

కాలువలో ముందుగా ఓడలను దించకుండా హెలికాప్టర్లతో ఊడ్పించారు. సీహెచ్-53 హెలికాప్టర్ ఒక స్లెడ్‌ను నీటి మీద లాక్కెళ్తుంది. స్లెడ్ మీద టర్బైన్ జనరేటర్, దాని వెనక విద్యుత్ తీగల తోక. ఇంకా లోతు తక్కువైన చోట్ల అంతకన్నా సాదా పరికరం వాడారు: లోపల తేలికైన నురగ నింపి, నీళ్ళు పోకుండా మూసి, అయస్కాంతంగా మార్చిన ముప్పై అడుగుల ఇనుప గొట్టం. అమెరికన్లు దాన్ని నారింజ గొట్టం అని పిలుచుకున్నారు. హెలికాప్టర్ గాల్లో ఉంటుంది కాబట్టి మైన్ దాన్ని పసిగట్టలేదు. కానీ హెలికాప్టర్‌కు ఇంధనం తక్కువసేపే వస్తుంది, అలా బరువు లాగుతూ ఎగరడం యంత్రాన్ని త్వరగా అరగదీస్తుంది. ఈ ఆపరేషన్‌లో కొన్ని హెలికాప్టర్లు కూలిపోయాయి కూడా.

ఈ ఐదు నెలల శ్రమలో హైఫాంగ్ కాలువలో అమెరికన్ల ముందు పేలిన మైన్ ఒక్కటంటే ఒక్కటి. 1973 మార్చి 9న. అంతకుముందు చైనా కూడా తన మైన్‌స్వీపర్లను సాయానికి పంపింది.

ఒక్కటే పేలిందంటే మిగతా మైన్లు ఏమయ్యాయి? ఆ పనంతా వృథానా?

చాలా మైన్లలో ఒక గడువు తర్వాత తమంతట తామే పేలిపోవడమో, నిర్జీవమైపోవడమో జరిగే ఏర్పాటు ఉంది. ఊడ్చే సమయానికి ఎక్కువవాటికి ఆ గడువు తీరిపోయింది. అమెరికాకు ఏ మైన్ ఎక్కడ వేసిందో, ఎప్పుడు చస్తుందో దాదాపు తెలుసు. అన్నీ తెలిసిన వాళ్ళకే, ఆగిన కాలం కలుపుకుని, ఐదు నెలలు పట్టింది. పటం లేకుండా, రకం తెలియకుండా, ఎదుటివాడు ఒప్పుకోకుండా ఉంటే ఎంత పడుతుందో ఆలోచించండి.

వృథా కాదు. మైన్‌స్వీపింగ్‌లో తయారయ్యే సరుకు పేలిన మైన్లు కాదు, నమ్మకం. 35 మైన్లు నిర్జీవమయ్యాయని కాగితం మీద తెలిసినా, ముప్పై ఆరోది అవ్వలేదేమో అన్న అనుమానం ఉన్నన్నాళ్ళూ కాలువ మూసినట్టే.

ఆ నమ్మకం కోసం చివర్లో వాళ్ళు చేసిన పని నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. ట్యాంకులు దించే ఒక పాత ఓడను తీసుకున్నారు. దాని ఖాళీలన్నిటిలో గట్టిపడే నురగ నింపారు, కింద పేలినా మునగకుండా. దెబ్బకు ఎగిరిపడినా తలలు పగలకుండా బ్రిడ్జి గదికి మెత్తలు కొట్టారు. ఇంజన్ గదిలో ఎవరూ ఉండకుండా పైనుంచే నడిపే ఏర్పాటు చేశారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన కొద్దిమంది సిబ్బందితో దాన్ని హైఫాంగ్ కాలువలో మాటిమాటికీ అటూ ఇటూ నడిపించారు. మైన్ మిగిలి ఉంటే ఈ ఓడ కింద పేలాలి. పేలలేదు. ఇక సరుకు ఓడలకు చెప్పడానికి మాట దొరికింది.

సోనార్‌తో ఒక్కొక్క మైన్‌ను వెతికి తీస్తే తేలిక కాదా?

ఇప్పుడు ఎక్కువ నౌకాదళాలు చేసేది అదే, దాన్ని మైన్ హంటింగ్ అంటారు. నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో వస్తువులను గుర్తించే సోనార్‌తో అడుగును చూస్తారు, అనుమానం వచ్చిన ప్రతి వస్తువు దగ్గరికీ కెమెరా ఉన్న చిన్న యంత్రాన్నో డైవర్‌నో పంపుతారు, మైనే అయితే పక్కన మందు పెట్టి పేల్చేస్తారు. లెక్కపెట్టే యంత్రం దీన్ని మోసగించలేదు, అది పెద్ద లాభం.

కానీ రేవుల దగ్గర అడుగు శుభ్రంగా ఉండదు. పాత డ్రమ్ములు, తెగిన లంగర్లు, రాళ్ళు, టైర్లు, అన్నీ సోనార్‌లో మైన్‌లాగే కనిపిస్తాయి. ప్రతిదాన్నీ చూసి కాదని రాసుకోవాలి. నదీముఖమైతే మైన్ మెల్లగా బురదలో కూరుకుపోతుంది, అప్పుడు సోనార్‌కే కనిపించదు, కానీ దాని అయస్కాంత చెవి మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. అందుకే వెతకడం, ఊడ్చడం రెండూ కావాలి.

మైన్ నిజంగా అంత చవకా?

1988 ఏప్రిల్ 14న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా యుద్ధనౌక శామ్యూల్ బి. రాబర్ట్స్‌కు ముందు నీళ్ళలో మైన్లు తేలుతూ కనిపించాయి. కెప్టెన్ పాల్ రిన్ వచ్చిన దారినే వెనక్కి పోదామని చూస్తుండగా కనపడని ఇంకో మైన్ తగిలింది. అది ఇరాన్ వేసిన ఎం-08 రకం. ఆ నమూనా 1908 నాటిది, కొమ్ముల గుండే. ఓడ వెన్ను విరిగింది. చీలిన పైభాగాన్ని సిబ్బంది ఇనుప తాళ్ళతో బిగించి కట్టి, మంటలు ఆర్పి, గంటల తరబడి నీళ్ళతో పోరాడి ఓడను తేల్చి నిలబెట్టారు. ఎవరూ చనిపోలేదు. మరమ్మతుకు సుమారు 9 కోట్ల డాలర్లు అయ్యింది. ఆ మైన్ ఖరీదు రెండు వేల డాలర్ల లోపేనని చెబుతారు.

ఇలా వేయడం చట్టవిరుద్ధం కాదా?

పూర్తిగా నిషేధం లేదు. 1907 హేగ్ ఒప్పందం ప్రకారం, తాడు లేకుండా తేలే మైన్ అదుపు తప్పిన గంటలోగా నిర్జీవమవ్వాలి, తాడు తెగిన మైన్ పేలకుండా పోవాలి, యుద్ధ పరిస్థితి వీలిచ్చిన వెంటనే ప్రమాద ప్రాంతాలను ఓడలకు తెలియజేయాలి. 1984 వేసవిలో ఎర్ర సముద్రంలో దాదాపు ఇరవై వాణిజ్య నౌకలు దెబ్బతిన్నాయి, ఏ దేశమూ తాను వేశానని ఒప్పుకోలేదు. అనుమానం లిబియా ఓడ మీదికి పోయింది. మైన్ మీద సంతకం ఉండదు, మామూలు సరుకు ఓడ వెనక తలుపు తీసి రాత్రిపూట జారవిడిచినా ఎవరికీ తెలియదు. చట్టం ఉన్నా పట్టుకోవడం కష్టమయ్యేది అందుకే.

విశాఖపట్నానికి దీంతో సంబంధం ఏమైనా ఉందా?

ఉంది, ఒకటికి మించి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. భారత నౌకాదళం తామే ముంచామంటుంది. అది వేస్తున్న మైనే పేలి మునిగిందన్న వాదన కూడా బలంగా ఉంది. ఏది నిజమో ఇప్పటికీ తేలలేదు. రేవు ముఖద్వారంలో మైన్లు వేయడం దాని పనుల్లో ఒకటన్న మాట మాత్రం తరచూ వినిపిస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన లోపలి హార్బర్‌కు వెళ్ళే ఇరుకు కాలువను చూసినవాళ్ళకు ఆ ఎత్తుగడ ఎందుకో వివరించనక్కర్లేదు. వాణిజ్య రేవులో పాత భాగమూ, నేవీ డాక్‌యార్డూ రెండూ ఆ కాలువ లోపలే ఉన్నాయి.

మైన్ల తయారీలో కూడా ఈ ఊరి పాత్ర ఉంది. డీఆర్‌డీవోకు చెందిన విశాఖలోని నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ పలు గుర్తులను పసిగట్టే అడుగు మైన్‌ను రూపొందించింది. 2025 మేలో పేలుడు పదార్థం తగ్గించి దాన్ని నౌకాదళంతో కలిసి పరీక్షించారు. తయారీ భాగస్వాములు విశాఖలోని భారత్ డైనమిక్స్, హైదరాబాద్‌కు చెందిన అపోలో మైక్రో సిస్టమ్స్.

తీసే వైపు పరిస్థితి వేరు. భారత నౌకాదళం దగ్గర మిగిలిన చివరి మైన్‌స్వీపర్ ఐఎన్ఎస్ కోజికోడ్ 2019 ఏప్రిల్‌లో విశాఖలోనే సేవ నుంచి తప్పుకుంది. దాని స్థానంలో కొత్త ఓడలు కట్టించాలన్న ప్రయత్నం అప్పటికే విఫలమైంది. 2025 జులైలో రక్షణ కొనుగోళ్ళ మండలి మళ్ళీ సూత్రప్రాయంగా ఆమోదించింది. ఆమోదం తర్వాత టెండరు, ఆ తర్వాత ఒప్పందం, ఆ తర్వాత నిర్మాణం. ఈ రకం ఓడను అయస్కాంతానికి దొరకని పదార్థంతో కట్టడం నేర్చుకోవడానికే ఏళ్ళు పడుతుంది. విదేశీ వాణిజ్యంలో అధిక భాగం సముద్రం మీదే నడిచే దేశానికి ఈ ఖాళీ ఇంతకాలం ఉండటం నాకు అర్థం కాని విషయం. విమానవాహక నౌకకు వచ్చినంత పేరు మైన్‌స్వీపర్‌కు రాదు కాబట్టి బడ్జెట్లో దాని వంతు ఎప్పుడూ వాయిదా పడుతూ వచ్చిందన్నది నా అనుమానం.